స్లైడ్ల అసలు ఫైలు ఇమ్మని సార్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు చూపు బాగా తక్కువ. స్టాటిస్టిక్స్ సార్ స్లైడ్లను పీడీఎఫ్‌గా పంపుతారు, పేజీకి ఆరు చొప్పున. స్క్రీన్ రీడర్ పెడితే ఫార్ములాలు కలగాపులగంగా వినిపిస్తాయి. పీపీటీ ఇస్తే పెద్ద అక్షరాలతో నోట్స్ చేసుకుంటాను. కానీ అడిగితే స్లైడ్లు అందరికీ పంచేస్తాననుకుంటారేమోనని టెన్షన్. ఉత్తరం ఎలా రాయాలి?

జవాబు: ఉత్తరానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇబ్బంది పెడుతున్న పీడీఎఫ్‌ను తెరిచి, Ctrl+A, Ctrl+C నొక్కి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే ఆ పేజీలు ఉత్త బొమ్మలన్నమాట. అక్షరాలు వచ్చి వరుస తప్పితే, స్క్రీన్ రీడర్ కూడా దాదాపు అలాగే చదువుతుంది. ఫార్ములాల దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి. తెర మీద s² అని ఉన్నది నోట్‌ప్యాడ్‌లో చాలాసార్లు s2 అయిపోతుంది. భిన్నంలో పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఒకే వరుసలోకి వచ్చేస్తాయి. అలా చెడిన రెండు స్లైడ్ల నంబర్లు రాసుకోండి. ఉత్తరానికి అవే బలం. ‘నాకు చదవడం కష్టంగా ఉంది’ అంటే సార్ జాలిపడి, అదే పీడీఎఫ్‌ను కాస్త పెద్దది చేసి మళ్లీ పంపవచ్చు. ఫలానా స్లైడ్‌లో ఫలానాది పోయింది అంటే, ఏం పంపాలో ఆయనకే తెలుస్తుంది.

ఉత్తరం ఇలా ఉండొచ్చు:

విషయం: స్టాటిస్టిక్స్ 4వ లెక్చర్ స్లైడ్ల అసలు ఫైలు కోసం

గౌరవనీయులైన సార్‌కి నమస్కారం. నేను మీ రెండో సంవత్సరం తరగతిలో ఉన్నాను. చూపు తక్కువ కావడంతో స్లైడ్లను స్క్రీన్ రీడర్‌తో వింటూ, పెద్ద అక్షరాల్లో చదువుకుంటాను. 4వ లెక్చర్ పీడీఎఫ్‌లో 7వ స్లైడ్ ఫార్ములాలో వర్గం గుర్తు పోయి s2 అని వినిపిస్తోంది. 9వ స్లైడ్‌లోని గ్రాఫ్ అసలు వినిపించడం లేదు. మీరు ఈ స్లైడ్లు తయారు చేసిన ఫైలు పంపగలరా? .pptx అయినా .tex అయినా సరే. స్లైడ్ల కింద మీరు రాసుకున్న నోట్స్ తీసేసి పంపినా ఇబ్బంది లేదు. ఫైలును నా చదువుకు మాత్రమే వాడుకుంటాను, ఎవరికీ ఇవ్వను, పరీక్షలయ్యాక తొలగిస్తాను. సోమవారంలోగా అందితే గురువారం తరగతికి నోట్స్ సిద్ధం చేసుకోగలను.

ఒక్క లెక్చరే ఎందుకు అడగాలంటే, మొత్తం సెమిస్టర్ అడిగితే ‘తర్వాత చూద్దాం’ అనడం తేలిక. ఒక్క ఫైలు వెతికి పంపడం రెండు నిమిషాల పని, అది ఉపయోగపడితే మిగతావి అడగడానికి దారి దొరుకుతుంది. .tex ప్రస్తావన ఎందుకంటే, గణితం చెప్పే చాలామంది లేటెక్‌లో స్లైడ్లు రాస్తారు, వాళ్ల దగ్గర పీపీటీ అసలు ఉండదు. నోట్స్ మాట మాత్రం తప్పకుండా ఉంచండి. పరీక్షకు ఇవ్వబోయే లెక్కలు, జవాబులు అక్కడే రాసుకునేవాళ్లుంటారు. పైకి చెప్పని సంకోచం చాలాసార్లు అదే. ఆయన అడిగితే, కాపీ ఒకటి చేసి దాని మీద పవర్‌పాయింట్‌లో File > Info > Check for Issues > Inspect Document నడిపి, Presentation Notes పక్కన Remove All నొక్కితే నోట్స్ అన్నీ ఒకేసారి పోతాయని చెప్పండి. తొలగిస్తానన్నది ఫైలునే, మీరు చేసుకున్న నోట్స్‌ను కాదు. ఈ తేడా మీకూ స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే పైతరగతిలో ఆ నోట్స్ మళ్లీ కావాల్సి వస్తుంది. వైద్య నివేదికలూ, క్షమాపణలూ ఉత్తరంలో వద్దు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో సగం క్షమాపణలే ఉంటాయి, అసలు అడిగింది ఏమిటో వెతుక్కోవాలి.

వచ్చిన ఫైలు .pptx అయితే, పవర్‌పాయింట్‌లో View > Outline View తెరిస్తే స్లైడ్ల శీర్షికలు, పాయింట్లు వరుసగా కనిపిస్తాయి. వాటిని వర్డ్‌లోకి తెచ్చుకుని అక్షరాలు పెంచుకోవచ్చు. అయితే సార్ విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సుల్లోని మాటలు అందులో రావు, కాబట్టి అక్కడ ఖాళీగా ఉందని స్లైడ్ కూడా ఖాళీ అనుకోకండి. గ్రాఫ్‌ను పవర్‌పాయింట్‌లోనే గీసి ఉంటే, దాని మీద రైట్ క్లిక్ చేసి Edit Data నొక్కితే వెనకున్న అంకెల పట్టిక తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌లో ఎంత పెద్దది చేసినా ఆ పట్టిక దొరకదు.

ఫార్ములానో గ్రాఫ్‌నో సార్ ఎక్కడి నుంచో స్క్రీన్‌షాట్ తీసి అతికించి ఉంటే మాత్రం అసలు ఫైలులోనూ అది బొమ్మే. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటి కోసం పది నిమిషాలు సమయం ఇమ్మని అడగండి. ఆయన గ్రాఫ్‌ను మాటల్లో చెబుతుంటే మీరు రాసుకోండి. ఇంకో చిక్కు, ఆ స్లైడ్లు పాఠ్యపుస్తకంతో పాటు ప్రచురణకర్త ఇచ్చినవైతే వాటిని మీకిచ్చే హక్కు ఆయనకు లేకపోవచ్చు. అప్పుడు ఆయన్ని ఒత్తిడి చేయకండి. వైకల్యం ఉన్న విద్యార్థుల విషయాలు చూసే విభాగం మీ కాలేజీలో ఉంటే, వాళ్ల ద్వారా ప్రచురణకర్తకు రాయించండి.