వంద బస్కీలు ఆపి మెట్టు దగ్గరికి రా

నల్లగొండ
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవిలోనే ఉంది. "మూడు నెలల నుంచి రోజూ వంద బస్కీలు తీస్తున్నా పెద్దనాయనా, కాళ్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి" అన్నావు. జిమ్‌కు పోయే టైమ్ లేదు, ఆ కిరాయి ఇంట్లో బరువులు పెట్టుకునే జాగా లేదు. సరే, అవేవీ అక్కర్లేదు. మీ ఇంటికి మెట్లున్నాయి కదా, వాటితో పని నడుస్తుంది.

ముందు ఆ వంద సంగతి. నీ బరువు 58 కిలోలు అన్నావు. రెండు కాళ్ల మీద బస్కీ తీస్తే ఒక్కో కాలి మీద పడేది సగమే. మొదట్లో అది కష్టంగానే ఉంటుంది. ఇరవై, ముప్పై తేలికగా తీసే రోజు వచ్చాక మాత్రం కండకు అది పని కాదు. వంద చేస్తే ఊపిరి ఎగపోస్తుంది కానీ తొడ బలపడదు. పైగా నువ్వు గబగబా కూర్చుని ఆ ఊపుతోనే లేస్తావు, మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాను. సగం పని ఆ ఊపే చేస్తోంది.

నీకు లతీఫ్ సాహెబ్ గుట్ట యాద్ ఉందా? చిన్నప్పుడు నిన్ను ఎక్కించాను. ఎక్కేటప్పుడు ఆయాసపడ్డాం, దిగేటప్పుడు తొడలు వణికాయి. నేనైతే కుర్రాళ్లతో పోటీపడి గబగబా దిగాను. తర్వాత రెండు రోజులు బళ్లో కుర్చీలో కూర్చోవాలంటే టేబుల్ పట్టుకోవాల్సి వచ్చింది, పిల్లలు నవ్వుకున్నారు. పీఈటీ సారుకే ఆ గతి పట్టింది. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండను అట్లా ఎక్కువగా వాడితే ఆ నొప్పులు తప్పవు. కానీ ఆ దిగడాన్నే కొద్దికొద్దిగా, నెమ్మదిగా, ఒంటికాలి మీద చేస్తే ఇంట్లో బరువులు లేని లోటు చాలావరకు తీరుతుంది.

చేసే పద్ధతి చెప్తా. అన్నిటికన్నా కింది మెట్టు మీద, పక్క గోడకు ముఖం పెట్టి అడ్డంగా నిలబడు. ఎగువ వైపు కాలు మెట్టు మీద, మడమతో సహా పూర్తిగా ఆనాలి. దిగువ వైపు కాలు మెట్టు అంచు దాటి గాల్లో వేలాడాలి. వేళ్ల కొసలు గోడకు తాకించు, పడకుండా ఉండటానికి అంతే చాలు, బరువు మోపకు. ఇప్పుడు కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము కింది భాగాన్ని వెనక్కి పంపుతూ, మెట్టు మీది మోకాలు వంచుతూ నాలుగు సెకన్లలో దిగు. లెక్కకు గడియారం వద్దు. మనసులో "పాలమూరు ఒకటి, పాలమూరు రెండు" అనుకుంటూ నాలుగు దాకా పో. వేలాడే కాలి మడమ నేలకు తాకాలి. ఒక సెకను అక్కడే ఆగి, మెట్టు మీది కాలి బలంతోనే లే.

మోసం జరిగేది ఇక్కడే. లేచేటప్పుడు కింది కాలు నేలను తన్ని పైకి నెడుతుంది, మనకు తెలియనే తెలియదు. అందుకే వేలాడే పాదం వేళ్లను పైకి లాగి పట్టుకో, మడమ ఒక్కటే తాకాలి. వేళ్లు నేలకు ఆనకపోతే తన్నడానికి పట్టు దొరకదు. ఒక్కసారి అట్లా చేసి చూడు, ఇంతకుముందు ఎంత దొంగ పని చేశావో అర్థమవుతుంది.

ఇక చెవులు కూడా పెట్టు. మడమ నేలకు చప్పుడు లేకుండా తాకాలి. "టప్" మన్నదంటే చివరి రెండంగుళాలు నువ్వు దిగలేదు, పడ్డావు. ఆ సారిని లెక్కలోకి తీసుకోకు. వరసగా రెండుసార్లు చప్పుడైతే ఆ సెట్ అక్కడితో ఆపెయ్.

మోకాలును చూడటానికి ఫోన్‌ను ఎదుటి గోడకు ఆనించి వీడియో తీసుకో. మోకాలు పాదం రెండో వేలి దిక్కుకే పోవాలి. లోపలికి, బొటనవేలు దాటి వాలిపోతే తుంటి పక్క కండ అలసిపోయిందనో, చాలడం లేదనో అనుకో. అట్లా అవుతుంటే మొండికెయ్యకు, దిగే లోతు తగ్గించు. మడమ తాకే చోట నేల మీద ఒక ఇటుక పడుకోబెట్టు. మెట్టు ఆరున్నర అంగుళాలుంటే ఇటుక మూడంగుళాలు మింగేస్తుంది, నువ్వు దిగాల్సింది మూడున్నరే. కుదిరాక ఇటుక తీసెయ్.

నీ లెక్క ఇట్లా మొదలుపెడదాం. మొదటి రోజు ఒక్కో కాలితో చప్పుడు లేకుండా, మోకాలు వాలకుండా ఎన్ని వస్తాయో చూడు. మాట వరసకు కుడికాలికి 9, ఎడమకు 5 వచ్చాయనుకో. అప్పుడు ఎప్పుడైనా ఎడమతోనే మొదలుపెట్టు, కుడికి కూడా 5 మాత్రమే చెయ్యి. కుడికి తేలికగానే ఉంటుంది, ఉండనీ. అది ఎక్కువ చేస్తే తేడా పెరుగుతుంది తప్ప తగ్గదు. 5 చొప్పున మూడు సెట్లు, సెట్‌కు సెట్‌కు మధ్య రెండు నిమిషాలు కూర్చో. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజైనా విడుపు. కుదిరినప్పుడల్లా ఒక్కోటి పెంచుతూ ఎడమకాలు 10 చొప్పున మూడు సెట్లు శుభ్రంగా చేసిందాకా ఇంకేమీ మార్చకు. తర్వాత దిగడం ఆరు సెకన్లు చెయ్యి, మడమ నేలకు తాకీ తాకనట్టుగా మూడు సెకన్లు ఆగు. మళ్లీ 5కే దిగొస్తావు, చూడు.

మొదటి వారం రెండో రోజున తొడలు పట్టేస్తాయి, దానికి టెన్షన్ పడకు. కండలో బరువుగా, రెండు కాళ్లకూ ఉండే నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి చిప్ప దగ్గర సూది గుచ్చినట్టు ఉన్నా, వాచినా, మరునాటికి మెట్లు దిగడమే కష్టమైనా ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించు. ఇంకో మాట, దీన్ని మీ అమ్మకు నేర్పకు. మన దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్నవాళ్లు ఎందరో. ఆమె మోకాళ్లను డాక్టర్ చూసిన తర్వాతే ఏదైనా.

మెట్లతో తొడ ముందు భాగం, పిరుదులు బలపడతాయి కానీ తొడ వెనక భాగానికి పెద్దగా పని ఉండదు. మీ ఇంట్లో నున్నటి షాబాద్ బండలు ఉన్నాయిగా, వాటిని వాడుకో. వెల్లకిలా పడుకుని రెండు మడమల కింద పాత బట్ట వేసుకో. నడుము పైకెత్తి, మడమలను నాలుగు సెకన్లలో నెమ్మదిగా ముందుకు జారనివ్వు. కాళ్లు దాదాపు చాపుకున్నాక నడుము దించి, కాళ్లు వెనక్కి లాక్కుని మళ్లీ ఎత్తు. ఆరు చేస్తే చాలు. పిక్క పట్టేసినట్టయితే ఆ రోజుకు మానెయ్.

మెట్లు రెండేసి ఎక్కడం కూడా చెయ్యొచ్చు, ఊపిరికి మంచిదే. దిగేటప్పుడు మాత్రం ఒక్కొక్కటే, కమ్మి పట్టుకునే. కింది ఇంటావిడ పొద్దున్నే మెట్లు కడుగుతుందన్నావు, తడి ఆరేదాకా అటు పోకు. సాక్సులతో అసలే వద్దు.

వచ్చే ఆదివారం ఎడమకాలి వీడియో పంపు. ముఖం కనపడకపోయినా పర్వాలేదు, మోకాలు, పాదం కనపడాలి. ఫోన్ సౌండ్ మాత్రం ఆపకు, మడమ చప్పుడు నేను వినాలి.

ఇట్లు
మీ పెద్దనాయన