అన్నకు ఎంఫిసీమా వచ్చింది: నేను ముందు పరీక్ష చేయించుకోవాలా, పాలసీ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 32. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, జీతం 42 వేలు. మా అన్నకు 37. జీవితంలో సిగరెట్ ముట్టలేదు. అయినా ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు దెబ్బతినే ఎంఫిసీమా అని, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువని హైదరాబాద్‌లో తేల్చారు. జీన్ టెస్ట్‌లోనూ ఖాయమైంది. తోబుట్టువులు పరీక్ష చేయించుకోవాలని డిశ్చార్జి కాగితంలో రాశారు. ఒక ల్యాబ్ వాళ్లు అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, రెండేళ్ల పాప, వదిన, ఆరుగురికీ జీన్ ప్యానెల్ 96 వేలకు చేస్తామంటున్నారు. నా దగ్గర 4 లక్షల ఎఫ్‌డీ, కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్ తప్ప ఏమీ లేవు. టెస్టులో ఏదైనా బయటపడితే పాలసీలు రావు, ముందు పాలసీలు తీసుకుని తర్వాత టెస్టు చేయించుకోమని ఏజెంటు అంటున్నాడు. అమ్మానాన్నలది మేనరికం. అన్నయ్య కూడా మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. నాది బయటి సంబంధం. ఏం చేయమంటారు?

జవాబు: 96 వేలు కట్టకండి. పరీక్ష మాత్రం ఆపకండి. ముందు మీరొక్కరే చేయించుకోండి. అదీ జీన్ ప్యానెల్ కాదు, ఆ ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో కొలిచే పరీక్ష చాలు. మిగతా వాళ్లలో ఎవరికి అవసరమో ఆ తర్వాత తేలుతుంది.

డబ్బు లెక్కలోకి వెళ్లే ముందు ఈ జబ్బు నడక కొంచెం తెలియాలి, ఎందుకంటే మీ ఖర్చులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మన తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి ఒక ఎంజైమ్ వదులుతాయి. దాన్ని అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల్లోని గాలి సంచుల గోడలను కూడా తినేస్తుంది. దానికి కళ్లెం వేసేది కాలేయంలో తయారయ్యే ఈ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. అన్నయ్య లాంటి వాళ్లలో అది సరిగా తయారు కాదు, లేదా వంకరగా మడతపడి కాలేయంలోనే ఇరుక్కుపోతుంది. ఊపిరితిత్తులకు కాపలా ఉండదు. పొగ, దుమ్ము పీల్చిన కొద్దీ తెల్లకణాలు ఎక్కువగా అక్కడికి చేరతాయి, నష్టం అంత వేగంగా జరుగుతుంది. మీరు గ్రానైట్ దుమ్ములో పనిచేస్తున్నారన్న మాట చదవగానే నాకు పాలసీల కంటే ముందు అదే టెన్షన్ పట్టుకుంది.

ఈ లోపాన్ని 1963లో స్వీడన్‌లో మొదట గుర్తించారు. ఉత్తర యూరప్ మూలాలున్న వాళ్లలో ఇది ఎక్కువ, మనవాళ్లలో అరుదు. మన ఊళ్లలో సిగరెట్ తాగని మనిషికి ఆయాసం వస్తే దాని వెనక కట్టెల పొయ్యి పొగో, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ మచ్చలో, సరిగా మందులు వాడని ఆస్తమానో ఉండడమే ఎక్కువ. అందుకని దగ్గొచ్చిన ప్రతివాళ్లూ ఈ పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. 45 ఏళ్లలోపే ఎంఫిసీమా కనిపించినా, అది ఊపిరితిత్తుల కింది భాగంలో ఎక్కువగా ఉన్నా, కారణం తెలియని కాలేయ జబ్బు తోడైనా, ఇంట్లో ఒకరికి ఈ లోపం ఖాయమైనా అప్పుడు పరీక్షకు విలువ ఉంది. మీది చివరి రకం. ఇంతకంటే బలమైన కారణం ఉండదు.

జబ్బు రావాలంటే లోపమున్న జీన్ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ రావాలి. అరుదైన జీన్ ఒకే కుటుంబంలో రెండు వైపుల నుంచీ కలవడానికి మేనరికం దారి వేస్తుంది. మీ అన్నయ్యకు రెండూ వచ్చాయంటే అమ్మ, నాన్న ఒక్కొక్కటి మోస్తున్నట్టే. కాబట్టి మీకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకటే వచ్చి క్యారియర్‌గా ఉండే అవకాశం సగం. ఏదీ రాకపోయే అవకాశం మిగిలిన నాలుగో వంతు.

ఇప్పుడు ఆరుగురి లెక్క చూడండి. అమ్మానాన్నల సంగతి అన్నయ్య రిపోర్టే చెప్పేసింది, వాళ్లకు ప్యానెల్ ఎందుకు? నాన్నగారికి ఆయాసముంటే అది వేరే మాట, అప్పుడు ఛాతీ డాక్టరును కలవాలి. మీ ఆవిడది బయటి సంబంధం కాబట్టి ఆమెకు ఇప్పుడు అక్కర్లేదు. పాపకు కూడా అక్కర్లేదు, ఎందుకంటే మీకు ఈ జీన్ లేదని తేలితే మీ వైపు నుంచి ఆమెకు వచ్చేదేమీ ఉండదు. నిజంగా చేయించాల్సింది మీతో పాటు వదినకు. ఆమె మీ మేనత్త కూతురు, ఆ జీన్ ఆమెలోనూ ఉండొచ్చు. అన్నయ్య పిల్లలకు ఆయన నుంచి ఒకటి తప్పకుండా వస్తుంది. వదిన కూడా క్యారియర్ అయితే ప్రతి బిడ్డకూ జబ్బు జీన్లు రెండూ ఉండే అవకాశం సగం. వదినకు మొత్తం ప్యానెల్ అక్కర్లేదు. అన్నయ్యలో దొరికిన ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూడమని, అన్నయ్య రిపోర్టు కాపీ ఇచ్చి అడగండి. ఆ కాపీ లేకుండా వెళితేనే ల్యాబ్ వాళ్లు పెద్ద ప్యానెల్ అంటగడతారు.

మీ పరీక్షకు ఒక జాగ్రత్త ఉంది. ఈ ప్రొటీన్ జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పెరుగుతుంది. జలుబుతో వెళ్లి ఇస్తే తక్కువ ఉన్నది కూడా పరవాలేదన్నట్టు కనిపించొచ్చు. ఒంట్లో బాగున్న రోజు వెళ్లండి, అదే రక్తంతో ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ కూడా చూపించుకోండి. సీఆర్‌పీ ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు ఆగి మళ్లీ ఇవ్వాలి. రిపోర్టు సాధారణంగా డెసిలీటర్‌కు ఇన్ని మిల్లీగ్రాములని వస్తుంది. 110 దాటి, సీఆర్‌పీ మామూలుగా ఉంటే తీవ్రమైన లోపం లేదనే అనుకోవచ్చు. దాదాపు 57 కంటే తక్కువైతే తీవ్రమైన లోపమే. మధ్యలో ఉంటే క్యారియర్ కావచ్చు, అప్పుడు మీక్కూడా ఆ ఒక్క మార్పు చూసే జీన్ టెస్ట్ చేయించాలి. ఫలితం ఏదైనా, దుమ్ములో పనిచేసే మనిషి కాబట్టి ఒకసారి ఊపిరితిత్తుల పనితీరును ఊదించి కొలిచే స్పైరోమెట్రీ, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.

ఇక ఏజెంటు మాట. ఆయన చెప్పిన దారిలో వెళ్లకండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం పెట్టుకున్న క్లెయిమ్‌ను కంపెనీ తిప్పికొట్టింది. ప్రపోజల్ ఫారం జిరాక్స్ చూస్తే, “ఏదైనా పరీక్ష చేయించుకోమని డాక్టర్ సలహా ఇచ్చారా” అన్న గడిలో నీలం పెన్నుతో “లేదు” అని టిక్కు ఉంది. ఆ టిక్కు ఏజెంటుది, కింద సంతకం మాత్రం పోయిన మనిషిది. ఆరు నెలల ముందు డాక్టర్ రాసిన చీటీ ఆ ఇంట్లోనే, దేవుడి పటం వెనక దొరికింది. మీ విషయంలో ఆ చీటీ అన్నయ్య డిశ్చార్జి కాగితమే. పరీక్ష చేయించుకోకపోయినా, చేయించుకోమన్న సలహా ఉంది, అన్నకు వంశపారంపర్య జబ్బు ఉంది. ఫారం ఈ రెండూ అడిగితే మీరు అవుననే రాయాలి. అప్పుడు కంపెనీ ఎలాగూ రిపోర్టు తెమ్మంటుంది. వాయిదా వేసి మీరు దాచగలిగేది ఏమీ లేదు. పైగా తీవ్రమైన లోపం లేదని తేలే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఆ రిపోర్టు చేతిలో ఉంటే అన్నయ్య జబ్బు మీ ప్రీమియం మీద పడకుండా అడ్డుకుంటుంది.

నాలుగో వంతు వైపు పడితే? హెల్త్ పాలసీకి దారి మూసుకుపోదు. జన్యు జబ్బుల పేరుతో క్లెయిములు తోసేయకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2018లో ఆదేశించింది. ముందునుంచీ ఉన్న జబ్బుకు కవర్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ మూడేళ్లు మించకూడదు. అయితే ప్రీమియం పెంచడానికి కంపెనీకి వీలుంది, కొందరు నిరాకరిస్తారు కూడా, కాబట్టి ఒక్కచోటే కాకుండా రెండు మూడు చోట్ల అడగండి. మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే టర్మ్ పాలసీకి ఆ 2018 ఆదేశం వర్తించదు. ఊపిరితిత్తులు బాగున్నాయన్న స్పైరోమెట్రీ చూపించి ఎక్కువ ప్రీమియానికైనా తీసుకోవాల్సి రావచ్చు, వాయిదా వేశామనీ అనొచ్చు. ఆ దెబ్బ నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ అబద్ధంతో తీసుకున్న టర్మ్ పాలసీని మూడేళ్లలోపు కంపెనీ రద్దు చేయగలదు, ఆ మూడేళ్లలో మీకేమైనా అయితే మీ ఆవిడ చేతికి వచ్చేది తిరస్కరణ ఉత్తరం.

నా లెక్కలో అసలు డబ్బు ఉద్యోగంలో ఉంది. ఈ లోపం ఉండీ పొగ తాగని వాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఒకరికి తెలిసి ముందే పరీక్షలో బయటపడ్డ వాళ్లు, చాలామంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు. లోపం ఉందని తేలితే మీరు పాలిషింగ్ షెడ్డులో ఉండకూడదు. డిస్పాచ్‌కో స్టోర్స్‌కో మార్చమని యజమానిని అడగండి. జీతం 34 వేలకు పడిపోయిందే అనుకుందాం. నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. ల్యాబ్ వాళ్లు అడిగిన మొత్తం సరిగ్గా అంతే. ఆ డబ్బు ఎఫ్‌డీలోనే ఉంటే కొత్త పనిలో మొదటి ఏడాది లోటు దానితోనే పూడుతుంది. ఉద్యోగం మాత్రం తొందరపడి మానేయకండి. గ్రూప్ ఇన్సూరెన్స్ పోతుంది. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, మీదాంట్లో ఉందో లేదో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

అన్నయ్య గురించి కూడా ఒక మాట. లోపించిన ప్రొటీన్‌ను దానమిచ్చిన ప్లాస్మా నుంచి తీసి, వారానికోసారి ఎక్కించే చికిత్స అమెరికా, యూరప్‌లలో ఉంది. కిలో బరువుకు 60 మిల్లీగ్రాములు, అంటే 65 కిలోల మనిషికి వారానికి దాదాపు 4 గ్రాములు, ఏడాదికి 200 గ్రాములు. అమెరికాలో దీని ఖర్చు ఏడాదికి లక్ష డాలర్ల స్థాయిలో ఉంటుంది, ఎన్నేళ్లు కావాలంటే అన్నేళ్లు ఎక్కించాలి. పోయిన ఊపిరితిత్తిని అది తెచ్చివ్వదు, స్కానులో కనిపించే అరుగుదలను కొంత నెమ్మదింపజేస్తుంది. ఊరి పొలం అమ్మి తెప్పిద్దామని ఇంట్లో మాట వస్తే, ముందు ఛాతీ డాక్టరుతో కూర్చుని అన్నయ్యకు దానివల్ల ఎంత మిగులుతుందో అడిగాకే మాట్లాడుకోండి. ఇన్‌హేలర్లు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, శ్వాస వ్యాయామాలు దాని ఖర్చులో ఎన్నో వంతు కూడా కావు, వాటిని మాత్రం డబ్బు చూసుకుని ఆపకండి.

పాపకు ఇప్పుడు పరీక్ష వద్దన్నాను గానీ, పుట్టినప్పుడు కామెర్లు వారాల తరబడి తగ్గలేదా అన్నది మీ ఆవిడను అడగండి. అలా జరిగి ఉంటే మీ రిపోర్టు కోసం ఆగకుండా అన్నయ్య సంగతి పిల్లల డాక్టరుకు చెప్పండి.