డివిడెండ్ ఇవ్వని షేరు విలువ సున్నానా?

ప్రశ్న: సార్, డివిడెండ్ డిస్కౌంట్ మోడల్‌తో రెండు షేర్ల విలువ లెక్కేశాను. డివిడెండ్ ఇచ్చేదానికి 177 రూపాయలు వచ్చింది. రెండోది ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు, దాని విలువ సున్నా అని వచ్చింది. కానీ మార్కెట్లో 300 దగ్గర నడుస్తోంది, ఒక్కో షేరు మీద ఏటా 20 రూపాయల లాభం కూడా ఉంది. తప్పు నాదా, ఫార్ములాదా?

జవాబు: కూడికలు, భాగహారాలు సరిగ్గానే చేశారు. ఫార్ములా కూడా తప్పు కాదు, దానికి మీరు అందించిన సమాచారమే చాలలేదు.

మీరు వాడింది ఇదే కదా:

```
P = D1 / (r - g)
```

P అంటే షేరు విలువ, D1 అంటే వచ్చే ఏడాది చేతికొచ్చే డివిడెండ్, r మీరు ఆశించే రాబడి, g డివిడెండ్ ఏటా పెరిగే రేటు. షేరు కొన్నవాడికి కంపెనీ నుంచి నేరుగా వచ్చే డబ్బు డివిడెండే కాబట్టి, అవన్నీ ఈరోజు విలువలోకి తెచ్చి కూడితే అదే షేరు విలువ అన్నది దీని వెనకున్న ఆలోచన. ఆర్థికవేత్త జాన్ బర్ విలియమ్స్ 1938లోనే ఈ మాట చెప్పాడు, ఈ పొట్టి ఫార్ములాకు మాత్రం మరో ఆర్థికవేత్త మైరన్ గోర్డన్ పేరు స్థిరపడింది.

మొదటి షేరుకు మీరు 10 రూపాయల డివిడెండు, 6 శాతం పెరుగుదల, 12 శాతం రాబడి పెట్టుకుని ఉంటారు, అంటే 10.60ని 0.06తో భాగిస్తే 177. బాగానే ఉంది. అదే పెరుగుదల 8 శాతం అనుకోండి, 10.80ని 0.04తో భాగించాలి, విలువ 270కి ఎగబాకుతుంది! రెండు శాతం అంచనా మారితే సగానికి పైగా తేడా. అందుకే ఆ 177ని కూడా మరీ గట్టిగా పట్టుకోకండి.

ఇక రెండోది. D1 దగ్గర సున్నా పెడితే జవాబు సున్నా కాక ఇంకేమొస్తుంది? ఈ పొట్టి ఫార్ములా వచ్చే ఏడాదే డివిడెండ్ మొదలై, ఎప్పటికీ ఒకే రేటున పెరుగుతుందని అనుకుంటుంది. కానీ ఎదిగే కంపెనీలు లాభాన్ని పంచకుండా మళ్లీ వ్యాపారంలోనే పెడతాయి. మైక్రోసాఫ్ట్ 1986లో మార్కెట్‌కి వచ్చింది, మొదటి డివిడెండ్ ఇచ్చింది 2003లో. మధ్యలో ఏ ఏడాది ఈ లెక్క వేసినా మీకొచ్చినట్టే సున్నా వచ్చేది.

కాబట్టి డివిడెండ్ ఇప్పుడు లేదు సరే, ఎప్పుడు మొదలవ్వొచ్చు అన్నది చూడాలి. మీ కంపెనీ లాభం పదేళ్లు 15 శాతం చొప్పున పెరిగి, ఆ తర్వాత 6 శాతానికి తగ్గి, అప్పటినుంచి సగం లాభం పంచుతుందనుకుందాం. 20 రూపాయల లాభం పదేళ్లకు దాదాపు 81 అవుతుంది, పదకొండో ఏట 86, అందులో సగం 43 డివిడెండు. దాన్ని 0.06తో భాగిస్తే పదేళ్ల తర్వాతి విలువ 715 దాకా తేలుతుంది. 12 శాతం లెక్కన పదేళ్లు వెనక్కి తేవాలంటే, పది 1.12లను గుణిస్తే వచ్చే 3.106తో భాగించాలి, ఈరోజు విలువ సుమారు 230.

సున్నా కాదు, 300 కూడా కాదు. కానీ అసలు బలహీనత ఇక్కడే ఉంది. ఈ 230లో ఒక్క రూపాయి కూడా వచ్చే పదేళ్లలో మీ చేతికి రాదు, మొత్తం విలువ పదకొండో ఏడు నుంచి జరిగేదాని మీద ఆధారపడింది, అదంతా మన ఊహే. డివిడెండ్ చరిత్ర ఉన్న కంపెనీలో పట్టుకోవడానికి పాత అంకెలైనా ఉంటాయి, ఇక్కడ అవీ లేవు. పైగా మిగుల్చుకున్న లాభాన్ని కంపెనీ మంచి రాబడి ఇచ్చే పనుల్లో పెడితేనే ఆ 15 శాతం నిలబడుతుంది, అర్థంలేని కొనుగోళ్లకు తగలేస్తే పెరుగుదలా ఉండదు, డివిడెండూ ఉండదు.

అందుకే ఇలాంటి షేర్లకు నేను లెక్కను తిరగేసి చూస్తాను. మిగతావన్నీ అలాగే ఉంచి, 300 రావాలంటే లాభం ఎంత పెరగాలో వెతికితే పదేళ్ల పాటు ఏటా 18 శాతం అని తేలుతుంది. అంటే ఈరోజు 300 పెట్టి కొనేవాళ్లు, మీలాగే 12 శాతం రాబడి కోరుకుంటే, తెలిసో తెలియకో ఆ 18 శాతాన్ని నమ్ముతున్నట్టే. మీరు చూడాల్సింది, గత ఐదారేళ్లలో లాభం ఎంత చొప్పున పెరిగింది, ఆ లాభం నగదుగా కూడా వస్తోందా, లేక రావాల్సిన బాకీల రూపంలో పుస్తకాల్లోనే ఉండిపోతోందా అన్నది. ఖర్చులు, పెట్టుబడులు పోగా వాటాదారులకు పంచగలిగే నగదును, పంచకపోయినా సరే, D1 స్థానంలో పెట్టి లెక్కేసే పద్ధతి ఉంది, ఆ నగదు నిలకడగా ఉంటే అదే నయం. అది ఏటా మైనస్‌లో ఉంటే మాత్రం 300 కాదు కదా, నా 230ని కూడా నమ్మకండి.