సెటిల్‌మెంట్‌తో అప్పు తీరినట్టేనా?

"తాతయ్యా, ఫోన్ లోన్ బాకీ 9,000 ఉంది. 5,000 కడితే సెటిల్ చేస్తామంటున్నారు. కట్టేస్తే గొడవ వదిలిపోతుందా?"

అమ్మలూ, ఏజెంట్ల ఫోన్లు ఆగుతాయి, రికార్డులో మాట మాత్రం ఉండిపోతుంది. కంపెనీ మిగతా 4,000 వదులుకుని, అందరి అప్పుల రికార్డులు ఉంచే సిబిల్ లాంటి సంస్థలకు ఆ ఖాతాను 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పంపుతుంది. ఈ తేడా ఏజెంటు చెప్పడు, చెబితే అతని పని జరగదు కదా!

రేపు బరంపురంలో ఇంటి లోన్‌కి వెళ్తావనుకో. మేనేజరు 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు ఒక్కటే చూసి ఊరుకోడు. ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యమైందో రిపోర్టులో గడులుంటాయి, అవీ చదువుతాడు. ఫోన్ బాకీయే పూర్తిగా కట్టని పిల్ల ఇరవై ఏళ్ల వాయిదాలు కడుతుందా అని అతని అనుమానం. లోన్ రాకపోవచ్చు, వచ్చినా వడ్డీ ఎక్కువ పడొచ్చు.

అందుకని రెండు మూడు విడతల్లోనైనా మొత్తం కట్టేయ్. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకు, కంపెనీ ఖాతాకే పంపు. 'బాకీ లేదు' అని సర్టిఫికెట్ తీసుకో. నెలన్నర ఆగి రిపోర్టు చూడు, ఏడాదికోసారి ఉచితమే. అప్పటికీ 'క్లోజ్డ్' అని మారకపోతే ఆ సర్టిఫికెట్ ఆధారంగా సిబిల్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టు.