డేటా సేవర్ ఆపలేని డేటా

ప్రశ్న: రోజుకు 1 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్లాన్ వాడుతున్నాను. డేటా సేవర్ ఆన్‌లోనే ఉన్నా మధ్యాహ్నానికే డేటా అయిపోతోంది. బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను ఎలా ఆపాలి?

ముందుగా ఆ డేటాను ఏ యాప్, ఎప్పుడు వాడుతోందో చూడండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డేటా వినియోగం తెరిచి ఒక్కో యాప్‌ను నొక్కితే ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది యాప్ తెర మీద ఉన్నప్పుడు ఖర్చయినది, రెండవది మీరు చూడనప్పుడు ఖర్చయినది. డేటా సేవర్ ప్రధానంగా అడ్డుకునేది రెండవదానిని మాత్రమే.

మా పిన్నిగారి ఫోనులోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. ఫోటోల యాప్ బ్యాక్‌గ్రౌండ్ అంకె వందల ఎంబీలలో ఉండగా ఫోర్‌గ్రౌండ్ అంకె నామమాత్రంగా ఉంది. అంటే ఆవిడ తీసిన ప్రతి వీడియో మొబైల్ డేటా మీదనే బ్యాకప్‌కు వెళ్తోంది. డేటా సేవర్ ఆన్‌లోనే ఉన్నా అది ఆగకపోవడానికి కారణం, ‘అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా’ జాబితాలో ఆ యాప్‌కు ఎప్పుడో మినహాయింపు ఇచ్చి ఉండటమే. ఆ మినహాయింపును తీసివేసి, యాప్ సొంత సెట్టింగ్స్‌లో కూడా మొబైల్ డేటాపై బ్యాకప్ ఆపివేయగానే ఆ అంకె పెరగడం మానింది.

అయినా సాయంత్రానికి డేటా చాలలేదు. ఈసారి పెరిగినది ఒక చిన్న వీడియోల యాప్ ఫోర్‌గ్రౌండ్ అంకె. తెర మీద నడుస్తున్న వీడియోను డేటా సేవర్ ఆపదు. యాప్‌లోనే ఆటోప్లే తీసివేసి, వీడియో నాణ్యతను తగ్గించవలసి వచ్చింది. ఆటోప్లేను ముందే ఆన్‌లో పెట్టి, దానిని ఆపే మీటను మూడు పొరల లోపల దాచే యాప్‌ల తీరు నాకు ఏ మాత్రం నచ్చదు.

ఇటువంటి సమస్యకు బ్యాటరీ సెట్టింగ్స్‌లో యాప్‌ను ‘రిస్ట్రిక్టెడ్’ చేయమని చాలామంది సలహా ఇస్తారు. అది యాప్ పనినే కుదిస్తుంది కనుక వైఫైలో ఉన్నా నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. మీకు కావలసినది డేటా పొదుపు మాత్రమే అయితే, ఆ యాప్ సమాచారంలోని మొబైల్ డేటా విభాగంలో ‘బ్యాక్‌గ్రౌండ్ డేటా’ను ఆపడమే సరైన పని. సందేశాల యాప్‌కు మాత్రం మినహాయింపు ఉంచండి, లేకపోతే తెరిచేదాకా సందేశాలు రాకపోవచ్చు. దాని ఫోటోల, వీడియోల ఆటో డౌన్‌లోడ్‌ను మొబైల్ డేటాకు విడిగా ఆపుకోవచ్చు.

ఫోనులోని పరిమితి మీట సాధారణంగా నెలవారీ లెక్క చూస్తుంది, మీ ప్లాన్‌ది రోజువారీ లెక్క. అందువల్ల ఉదయం, రాత్రి ఆ అంకెలను రాసుకుని తేడా చూడండి. వేరొకరి ఫోను హాట్‌స్పాట్‌కు కలిసినప్పుడు, ఆ వైఫైని ‘మీటర్డ్’గా, అంటే వాడిన డేటాకు లెక్క ఉండే నెట్‌వర్క్‌గా, ఫోను గుర్తించకపోతే డేటా సేవర్ దాని జోలికి పోదు కనుక, ఆ నెట్‌వర్క్ వివరాలలో దానిని మీరే ‘మీటర్డ్’గా మార్చండి.