టెక్ సందేహాలు: ఏ పర్మిషనూ అడగని వీపీఎన్

ప్రశ్న: దసరా సెలవులకు వచ్చిన మా అబ్బాయి నా ఫోన్‌లో ఏదో ఫ్రీ వీపీఎన్ వేసి, వాడుకుని మళ్లీ హాస్టల్‌కి వెళ్లిపోయాడు. రేటింగ్ 4.7, పది లక్షల డౌన్‌లోడ్లు ఉన్నాయి. కాంటాక్టులు, మెసేజ్‌లు ఏవీ అడగలేదు కాబట్టి మంచిదేననుకుని తీసెయ్యలేదు. కానీ రోజువారీ 1.5 జీబీ ప్యాక్‌లో సగం పొద్దున్న లేచేసరికే అయిపోతోంది. ఇలాంటి యాప్ మంచిదో కాదో స్టోర్‌లోనే కనిపెట్టొచ్చా? లింకు, స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

రోజువారీ ప్యాక్ అర్ధరాత్రి పన్నెండుకి కొత్తగా మొదలవుతుంది. అంటే మీరు నిద్రపోతున్న ఆరేడు గంటల్లో మీ ఫోన్ 700 ఎంబీ పైగా లాగేస్తోంది. అది ఎవరి పనో తేల్చడానికి ఒక్క రాత్రి చాలు. పడుకునే ముందు వీపీఎన్‌ని డిస్‌కనెక్ట్ చేయండి, వైఫై ఆపండి. ఆ యాప్ గుర్తు మీద కాసేపు వేలుంచి "App info" తెరిచి, మొబైల్ డేటా వాడకంలో "Background" పక్కన ఉన్న అంకెను రాసి పెట్టుకోండి. పొద్దున్నే అదే అంకె మళ్లీ చూడండి. వీపీఎన్ పని మీ ఇంటర్నెట్ రాకపోకల్ని తన సర్వర్ మీదుగా పంపడం, కాబట్టి కనెక్షన్ లేనప్పుడు దానికి రాత్రంతా పనేమీ ఉండదు. ప్రకటనలు తెచ్చుకున్నా, అప్‌డేట్ కోసం అడిగినా కొద్ది ఎంబీలతో సరిపోతుంది. వందల్లో పెరిగితే దొంగ దొరికినట్టే. అంకె కదలకపోతే ఫొటోల బ్యాకప్‌నో, మొబైల్ డేటా మీద నడుస్తున్న యాప్ అప్‌డేట్లనో అనుమానించండి.

ఈ నెలలో ఇదే రకం ఫిర్యాదు విజయవాడ నుంచి కూడా వచ్చింది. అందరిదీ ఒకటే వాదన: "పర్మిషన్లు ఏమీ అడగలేదు కదా!" అడిగింది. మీ అబ్బాయి మొదటిసారి కనెక్ట్ బటన్ నొక్కినప్పుడు "Connection request" పేరుతో ఒక పెట్టె వచ్చి ఉంటుంది. ఈ యాప్ వీపీఎన్ కనెక్షన్ పెట్టాలనుకుంటోంది, దానితో మీ నెట్‌వర్క్ రాకపోకలన్నీ గమనించగలదు, నమ్మకం ఉంటేనే ఒప్పుకోండి అని దాని సారాంశం. దానికి "OK" కొట్టగానే స్క్రీన్ పైన తాళంచెవి గుర్తు వస్తుంది. వీపీఎన్‌కి కావలసిన అసలు పర్మిషన్ అదొక్కటే. ఇంటర్నెట్ వాడుకునే పర్మిషన్‌నైతే ఆండ్రాయిడ్ మిమ్మల్ని అడగకుండానే, కోరిన ప్రతి యాప్‌కీ ఇచ్చేస్తుంది. నన్ను అన్నిటికంటే భయపెట్టే మోసానికి ఈ రెండోది, అంటే మామూలు ఇంటర్నెట్ పర్మిషన్, ఒక్కటే సరిపోతుంది.

ఆ మోసం ఇలా సాగుతుంది. యాప్ మీకు ఊరికే వీపీఎన్ ఇస్తుంది, బదులుగా మీ కనెక్షన్‌ని బయటివాళ్లకి అద్దెకిస్తుంది. ఎక్కడో కూర్చున్నవాడు ఒక వెబ్‌సైట్ తెరవమంటే ఆ కోరిక మీ ఫోన్‌కి వస్తుంది, మీ ఫోన్ ఆ సైట్‌కి వెళ్లి జవాబు తెచ్చి వాడికి అందిస్తుంది. ఆ సైట్‌కి కనిపించేది గుంటూరులోని మీ ఐపీ చిరునామా. దించిన ప్రతి ఎంబీనీ మళ్లీ ఎక్కించాలి కాబట్టి డేటా రెట్టింపు కరుగుతుంది. తాళంచెవి గుర్తు లేనప్పుడు కూడా ఇది ఆగదు, ఎందుకంటే దీనికి వీపీఎన్ కనెక్షన్‌తో సంబంధమే లేదు. 2024 మార్చిలో హ్యూమన్ సెక్యూరిటీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు ప్లే స్టోర్‌లో ఇలా చేస్తున్న 28 యాప్‌లను బయటపెట్టారు. అందులో 17 ఫ్రీ వీపీఎన్‌లమని చెప్పుకున్నవే. అదే ఏడాది మేలో అమెరికా న్యాయశాఖ మూయించిన 911 ఎస్5 అనే నెట్‌వర్క్ కూడా ఇలాంటిదే, కాకపోతే అది విండోస్ కంప్యూటర్లలోకి ఫ్రీ వీపీఎన్‌ల ద్వారా చొరబడింది. కోటీ 90 లక్షల ఐపీ చిరునామాలు దాని గుప్పిట్లో ఉండేవి, వాటిని మోసగాళ్లు అద్దెకి తీసుకునేవారు. రేపు ఎవరైనా మీ ఐపీ మీదుగా మోసం చేస్తే పోలీసులు ఐపీ, సమయం, పోర్టు వివరాలతో టెలికాం కంపెనీని అడుగుతారు. కంపెనీ చూపించేది మీ నంబరునే. 700 ఎంబీ పోయిందని మీరు బాధపడుతున్నారు గానీ, నాకు దానికంటే ఇది పెద్ద విషయం.

చాలామంది భయపడేది యూపీఐ పిన్ గురించి. బ్యాంకు యాప్‌కీ బ్యాంకుకీ మధ్య మాటలు వేరే ఎన్‌క్రిప్షన్‌లో వెళ్తాయి కాబట్టి వీపీఎన్ నడిపేవాడికి మామూలుగా కనిపించేది మీరు ఏ సైట్‌కి వెళ్లారన్నదే తప్ప అక్కడ ఏం టైప్ చేశారన్నది కాదు. పిన్‌కి ఎసరు పెట్టేది వేరే పర్మిషన్లు: యాక్సెసిబిలిటీ, ఇతర యాప్‌ల మీద కనిపించడం, ఎస్సెమ్మెస్ చదవడం, బయటి యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడం. వీటిలో ఒక్కటి అడిగిన వీపీఎన్‌ని కూడా ఉంచకండి. సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయమన్నా అంతే, బ్రౌజర్‌లో చూసేది విప్పి చదవడానికి దారి అది. లొకేషన్, కెమెరా మాత్రం వెంటనే నేరం కాదు. కొత్త వైఫై తగలగానే దానంతటదే కనెక్ట్ అయ్యే సదుపాయానికి వైఫై పేరు తెలియాలి, దానికి లొకేషన్ కావాలి. క్యూఆర్ కోడ్‌తో సర్వర్ వివరాలు తీసుకునేవాటికి కెమెరా కావాలి. ఆ సదుపాయం మీరు వాడకపోతే పర్మిషన్ ఇవ్వకండి, మిగతా యాప్ దానికి ఆగకూడదు.

ఇప్పుడు మీరు పంపిన పేజీ చూద్దాం. నేను మొదట చూసేది రేటింగ్ కాదు, లింకు చివర `id=` తర్వాత ఉండే పేరు. దాన్ని ప్యాకేజీ పేరంటారు. స్టోర్‌లో యాప్ పేరు, బొమ్మ, వివరణ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరికి యాప్‌నే ఇంకొకరికి అమ్ముకోవచ్చు, కానీ ఈ పేరు మారదు. మీ "వీపీఎన్" లింకులో `flashlight` అని ఉంది. "About this app"లో కిందికి వెళ్తే "Released on" 2021 అంటోంది. రివ్యూలలో వెనక్కి వెళ్తే గుట్టు విడిపోయింది: అప్పటివాళ్లు "వెలుతురు బాగుంది", "కరెంటు పోతే బాగా పనికొచ్చింది" అని రాశారు. ఒకప్పటి టార్చిలైటు యాప్‌ని పది లక్షల డౌన్‌లోడ్లతో సహా తీసుకుని లోపల సరుకు మార్చేశారు. అంటే ఆ డౌన్‌లోడ్లలో ఎన్ని వీపీఎన్‌వో చెప్పే దారి లేదు.

మరి 4.7 సంగతి? ప్లే స్టోర్ సగటులో కొత్త రేటింగ్‌లకి బరువెక్కువ. కాబట్టి పాత టార్చిలైటు పుణ్యం ఎక్కువకాలం కాపాడదు, ఎప్పటికప్పుడు కొత్త ఐదు చుక్కలు కావాలి. రివ్యూలని "Newest" వరసలో పెట్టండి. మీ స్క్రీన్‌షాట్లలో రెండు మూడు తేదీల్లోనే "Good", "Nice app", "Super" అంటూ వరసగా ఐదు చుక్కలు, తర్వాత వారాల తరబడి నిశ్శబ్దం, మళ్లీ ఒక గుంపు. నిజంగా జనం వాడే యాప్‌కి రివ్యూలు రోజూ కొన్ని కొన్ని వస్తుంటాయి. అయినా ఐదు చుక్కలు కనబడగానే అన్నీ కొన్నవేనని తేల్చకండి. కనెక్ట్ అయిన సెకనులోనే "ఐదు చుక్కలివ్వండి, వేగమైన సర్వర్ ఇస్తాం" అని వీపీఎన్‌లు అడుగుతాయి, జనం తప్పించుకోవడానికి ఇచ్చేస్తారు. అందుకే నేను ఐదు చుక్కలవి చదవనే చదవను. ఒకటి, మూడు చుక్కలవి చదువుతాను. బ్యాటరీ, డేటా, ఫోన్ వేడెక్కడం, డబ్బు కట్ కావడం వంటి ఒకే ఫిర్యాదు వేర్వేరు నెలల్లో వేర్వేరు మాటల్లో వస్తే అది నిజం. మీ యాప్ కింద "వాడకపోయినా నెట్ అయిపోతోంది" అని ఇంకో ఇద్దరు రాశారు, చూశారా?

పబ్లిషర్ వివరాలు "App support"లో ఉంటాయి. ఇక్కడ జీమెయిల్ చిరునామా ఉంది, ఫోన్ నంబరు లేదు, ప్రైవసీ పాలసీ ఒక గూగుల్ డాక్స్ పేజీ. ఆ పాలసీలో మధ్యలో ఇంకేదో వాల్‌పేపర్ యాప్ పేరు మిగిలిపోయింది, నకలు కొట్టినవాడు మార్చడం మరిచాడు. పబ్లిషర్ పేరు మీద నొక్కితే ఫైల్ క్లీనర్, క్యూఆర్ స్కానర్, ఇంకో రెండు వీపీఎన్‌లు. ప్రపంచం నిండా సర్వర్లు నడపడం ఖర్చుతో కూడిన పని, దాన్ని వాల్‌పేపర్ల పక్కన ఊరికే పంచేవాడి ఆదాయం ఎక్కడిదో అడగాలి. ఐఫోన్ స్టోర్‌లో వీపీఎన్‌ని సంస్థలే పెట్టాలి, వ్యక్తులు పెట్టకూడదన్న నియమం ఉంది. ప్లే స్టోర్‌లో 2025 జనవరి నుంచి కొన్ని వీపీఎన్‌లకి "Verified" గుర్తు ఇస్తున్నారు. దానికి యాప్ సంస్థ ఖాతాలో ఉండాలి, కనీసం 90 రోజులు స్టోర్‌లో గడవాలి, పది వేల ఇన్‌స్టాళ్లు, 250 రివ్యూలు ఉండాలి, బయటివాళ్ల భద్రతా పరీక్ష పాసవ్వాలి. పనికొచ్చే జల్లెడే. మీ రాకపోకల చిట్టా సర్వర్‌లో దాచుకోవడం లేదని మాత్రం అది హామీ ఇవ్వదు.

ఇంతా చెప్పాక స్టోర్‌ల మీద కోపం రాకపోతే ఎలా? యాప్ పేజీలో ముందు కనిపించే "Data safety" భాగం యాప్ చేసినవాడు తన గురించి తాను రాసుకున్నది. అసలు పర్మిషన్ల జాబితాని ఫోన్‌లో "About this app" అట్టడుగున దాచారు. 2022 జులైలో గూగుల్ ఆ జాబితాని తీసే పారేసింది, గొడవయ్యాక తిరిగి పెట్టింది. వెతికితే వచ్చే మొదటి ఫలితం చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. బెసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద కొనేవాడైనా సరుకుని తిప్పి చూస్తాడు. ఇక్కడ తిప్పి చూసే వీలే వెతుక్కోవాలి.

మీ యాప్‌ని తీసెయ్యండి. ముందు "App info"లో "Force stop", తర్వాత "Uninstall". ఆ బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో "Device admin apps" అని వెతికి, అక్కడ దాని టిక్ తీసి మళ్లీ ప్రయత్నించండి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కి "Payments & subscriptions"లోకి వెళ్లండి. ఉచిత ట్రయల్ పేరుతో మీ అబ్బాయి ఏదైనా ఒప్పుకుని ఉంటే యాప్ పోయినా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, అక్కడే ఆపాలి. రెండు రాత్రులు ఆగి డేటా చూడండి. అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు వాడి ఫోన్‌లో కూడా ఇదే ఉందేమో అడగండి.