కుంట నీళ్లకు మట్టి వాసన: మైలుతుత్తం చల్లే ముందు సీసాలో పట్టి చూడండి

ప్రశ్న: మా పొలంలో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు కుంట ఉంది. తొలి వానలు పడి మూడు వారాలైంది. అప్పటి నుంచి నీళ్లు మట్టి వాసన వస్తున్నాయి, ఈ వారం మరీ ఎక్కువైంది. పై పొలాల్లో కొట్టిన పురుగుమందు వానకు కొట్టుకొచ్చిందని అనుమానం. మందుల షాపులో అడిగితే 10 కిలోల మైలుతుత్తం చల్లమన్నారు. గేదెలు, గొర్రెలు ఈ నీళ్లే తాగుతాయి. కొన్ని చేపలూ ఉన్నాయి. ఈ నీళ్లు ఇంట్లో వాడుకోవచ్చా?

జవాబు: మైలుతుత్తం సంచి విప్పకండి. ముందు ఆ పని ఆపితే మిగతాది నింపాదిగా చూసుకోవచ్చు.

మీ అనుమానం సరైంది కాదు. పురుగుమందు నీళ్లలో కలిస్తే మట్టి వాసన రాదు. కొన్ని మందులు కిరసనాయిలు లాంటి ఘాటు వాసన వేస్తాయి, చాలా మందులకు ఆ పలుచదనంలో ఏ వాసనా ఉండదు. మందు గట్టిగా కలిసిందని చెప్పేది వాసన కాదు, చావులు: చిన్న చేపలు, పెద్ద చేపలు, కప్పలు, నీటి పురుగులు పగలూ రాత్రీ తేడా లేకుండా ఒకేసారి తేలతాయి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు.

మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. 1965లో గెర్బర్, లెషెవాలియే అనే శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి పేరు పెట్టారు. దీనికి తోడుగా ఎం.ఐ.బి. అనే ఇంకో పదార్థం బూజు వాసన ఇస్తుంది. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు జియోస్మిన్‌ను తయారుచేస్తాయి, ఎండిన నేల మీద తొలి చినుకు పడగానే అది గాలిలోకి లేస్తుంది. బీట్‌రూట్‌కు ఉండే మట్టి వాసన కూడా ఇదే. మన ముక్కు దీన్ని లీటరుకు సుమారు 10 నానోగ్రాముల దగ్గరే పట్టేస్తుంది. మీ కుంట నిండా ఉంటే 12 లక్షల లీటర్లు. అంత నీటికీ వాసన రావడానికి 12 మిల్లీగ్రాములు చాలు, అంటే వేలి కొన మీద అంటుకునేంత పొడి. అంత కొద్ది మోతాదులో అది మనిషికీ పశువుకూ హాని చేస్తుందనే ఆధారం లేదు. కాబట్టి వాసనకు భయపడక్కర్లేదు. ఆ వాసనను ఎవరు తయారుచేస్తున్నారో మాత్రం తెలుసుకుని తీరాలి.

తయారుచేసేవాళ్లు ఇద్దరు. ఒకటి వానతో కొట్టుకొచ్చిన మట్టి. ఆ వాసన వరద నీరు తేరుకునే కొద్దీ తగ్గిపోతుంది. రెండోది కుంటలోనే పెరిగే నీలి ఆకుపచ్చ నాచు. వరదతో ఎరువు, పెంట, పేడ కలిసి వచ్చాక ఎండ కాచి గాలి ఆగిందంటే వారం నుంచి మూడు వారాల్లో అది విజృంభిస్తుంది. మీ వాసన మూడు వారాలకు తగ్గకపోగా పెరిగింది కనుక నా అనుమానం రెండోదాని మీదే. ఈ నాచులో కొన్ని రకాలు జియోస్మిన్‌తో పాటు విషాలూ తయారుచేస్తాయి. కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ వాటిలో ముఖ్యమైంది. తాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్.ఆర్. జీవితకాలం తాగినా ఫర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. ఇంకో చిక్కు కూడా ఉంది. విషం చేసే రకం ఒక్కోసారి వాసనే వేయదు, వాసన వేసే రకం ఒక్కోసారి విషం చేయదు. అందుకే ముక్కుతో తీర్పు చెప్పొద్దు. షాపతను కూడా ముక్కుతోనే చెప్పాడు, అదీ కుంట దగ్గరికి రాకుండా.

ఇలా చేయండి. పారదర్శకంగా ఉండే లీటరు సీసా తీసుకోండి. గాలి ఎటు వీస్తుందో చూసి, గాలి తోసుకెళ్లే ఒడ్డుకు వెళ్లండి. తెట్టు చేరేది అక్కడే. చేతి తొడుగు వేసుకుని మోచేతి లోతులో నీళ్లు నింపి, కదపకుండా నీడలో ఒక రోజు ఉంచండి. అడుగున గోధుమ రంగు మడ్డి దిగి పైన నీళ్లు తేటగా ఉంటే అది మట్టి. పైన మెడ దగ్గర ఆకుపచ్చ ఉంగరంలా తెట్టు తేలితే చాలావరకు నీలి ఆకుపచ్చ నాచే. నీళ్లంతా ఒకే ఆకుపచ్చగా నిలిచిపోతే మామూలు నాచు కావచ్చు, ఖాయం చేయడానికి సూక్ష్మదర్శినిలో చూడాలి. రెండో పరీక్ష పుల్లతో. ఒడ్డున తెట్టును పుల్లతో ఎత్తితే వెంట్రుకల్లా వేలాడితే మామూలు పీచు నాచు. పెయింటులా పుల్లకు అంటుకుని జారిపోతే చేయి పెట్టకండి. ఈ రెండింటికీ చిక్కని రకం ఒకటుంది: తేలకుండా అడుగున, రాళ్ల మీద, పరచిన షీటు మీద నల్లటి జారుడు పొరలా పెరిగేది. నీళ్లు అద్దంలా తేటగా ఉండి వాసన మాత్రం గుప్పుమంటుంటే అడుగు గోకి చూడండి.

వాసన పెరిగిందా తగ్గిందా తేల్చాలంటే శుభ్రమైన గాజు సీసాలో సగం వరకు నీళ్లు పోసి, మూత పెట్టి, వేడి నీళ్ల గిన్నెలో చేయి పెట్టలేనంత వేడి అయ్యేదాకా, అంటే సుమారు 60 డిగ్రీల దాకా ఉంచి, ఊపి, మూత తీసి వెంటనే చూడండి. రెండు మూడు సార్లు పీల్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది. అందుకే రోజూ కుంట గట్టునే ఉండే మీరు కాకుండా కొత్తవాళ్లు చూడాలి.

ఇప్పుడు మైలుతుత్తం లెక్క. 12 లక్షల లీటర్లలో 10 కిలోలంటే లీటరుకు 8.3 మిల్లీగ్రాములు. అందులో నాలుగో వంతు రాగి, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైనే. గొర్రెలు తాగే నీటిలో రాగి లీటరుకు 0.5 మిల్లీగ్రాము, ఆవులు, గేదెలకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. గొర్రె కాలేయం రాగిని పోగేసుకుంటుంది, ఒకరోజు గొర్రె ఉన్నట్టుండి పడిపోతుంది. మీ కుంట గట్లు వాలుగా ఉంటే నీళ్లు ఇంకా తక్కువ, అంటే మోతాదు ఇంకా ఎక్కువ. చేపల చెరువుల్లో వాడేవాళ్లు లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిచిన నీటి క్షారతను 100తో భాగించి లీటరుకు అన్ని మిల్లీగ్రాములు వేస్తారు. క్షారత 100 ఉంటే మీకు 1.2 కిలోలు, 50 కంటే తక్కువుంటే అసలు వేయకూడదు. క్షారత ఎంతని షాపతను అడిగాడా?

సరైన మోతాదు వేసినా మీ సమస్య తీరదు. మైలుతుత్తం నాచు కణాలను పగలగొడుతుంది. అప్పటిదాకా కణం లోపలున్న జియోస్మిన్, విషం రెండూ ఒక్కసారిగా నీళ్లలోకి వస్తాయి. నాచు మాయమై నీళ్లు తేటపడి, వాసన రెట్టింపై, పశువులకు ప్రమాదం పెరిగి, చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్ మింగేసి తెల్లవారేసరికి పెద్ద చేపలు ముందు తేలతాయి. కరిగిన విషం రోజులు, ఒక్కోసారి వారాల తరబడి నిలుస్తుంది. నాచు విజృంభించాక మందు చల్లడం ఆలస్యం, విజృంభించే ముందైతే నాచుకు తిండి ఆపడమే మందు.

తెట్టు కనబడితే ఈ రోజు నుంచే పశువులను కుంటలోకి దించకండి. వేరే నీరు పెట్టండి. తప్పనిసరిగా ఇదే వాడాల్సి వస్తే గాలి వచ్చే వైపు ఒడ్డు నుంచి తీసి తొట్టికి పట్టండి. పైపు నోటిని నీటిపై తేలే డబ్బాకు కట్టి నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద వేలాడదీయండి. అడుగు మడ్డికీ తగలదు, పైన తెట్టునూ లాగదు. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే కానీ పోగొట్టదు. తెట్టు తాగిన పశువు నిలబడలేక, వణికిపోతూ, నెత్తురు విరేచనాలతో, కష్టంగా ఊపిరి తీస్తుంటే అది గంటల వ్యవహారం. విరుగుడు మందు లేదు. ఒంటికి తెట్టు అంటి ఉంటే నాకక ముందే మంచినీళ్లతో కడిగి పశువైద్యుణ్ని పిలవండి.

ఇంట్లో తాగడానికా? తెట్టు ఉన్నంతకాలం, అది పోయాక కూడా కొన్ని వారాల దాకా వద్దు. మరిగిస్తే క్రిములు చస్తాయి, వాసన కొంత ఎగిరిపోతుంది, మైక్రోసిస్టిన్ మాత్రం చెక్కుచెదరదు. బ్లీచింగ్ వేస్తే జియోస్మిన్ పోదు, నాచు కణాలు పగిలి వాసన పెరుగుతుంది. వాసన పోలేదని ఇంకాస్త బ్లీచింగ్ వేసేవాళ్లు చాలామంది. అది తప్పు. వాసనను పట్టేది యాక్టివేటెడ్ కార్బన్ వడపోతే, అది కూడా కార్బన్ నిండిపోతే పనిచేయడం మానేస్తుంది.

సీసా చూపింది ఒట్టి మట్టే అయితే కథ వేరు. అప్పుడు భయం వాసన గురించి కాదు, తొలి వరదతో వచ్చిన మలమూత్రాల క్రిముల గురించి. 1000 లీటర్ల తొట్టికి 30 నుంచి 50 గ్రాముల పటిక కరిగించి కలిపి, రెండు మూడు గంటలు తేరనిచ్చి, పై నీటిని వేరే తొట్టిలోకి వంచుకోండి. దానికి 5 గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి వేసి అరగంట ఆగండి. అప్పటికీ లీటరుకు 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. మిగలకపోతే నీరు ఇంకా మురికిగా ఉందనే, మళ్లీ పటికతో మొదలుపెట్టాలి. బురద నీళ్లలో నేరుగా బ్లీచింగ్ పోస్తే క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. తాగే నీటిని ఆ పైన ఒక నిమిషం కుతకుతా మరిగించండి.

కుంటకు చేయాల్సింది: తెట్టును చేతి తొడుగులతో, సన్నటి గుడ్డతో ఒడ్డున లాగి కుంటకు దూరంగా పూడ్చండి. పేడ దిబ్బ వాలు మీద ఉంటే మార్చండి. కుంటకు ఎగువన వాన ముందు భాస్వరం ఎరువు చల్లకండి. వచ్చే ఏడాది తొలి గట్టి వాన నీటిని లోపలికి రానీయక పక్కకు మళ్లించండి, వరద నీరు తేటపడ్డాక తెరవండి.

చేపల సంగతి. చేప జియోస్మిన్‌ను మొప్పల ద్వారా కొన్ని గంటల్లోనే పీల్చుకుని కొవ్వులో దాచుకుంటుంది, వదలడానికి రోజులు పడుతుంది. తెట్టు ఉన్నంతకాలం మేత, పేడ ఆపండి, పట్టకండి, తినకండి, పేగులు, కాలేయం అసలే వద్దు. తెట్టు పోయి కొన్ని వారాలయ్యాక, పట్టే ముందు ఒక చేపను ఉప్పు, కారం లేకుండా ఆవిరిపై ఉడికించి రుచి చూడండి. మట్టి రుచి ఉంటే శుభ్రమైన పారే నీటిలో మేత లేకుండా ఉంచి, మూడు రోజులకొకసారి ఇంకో చేపను అలాగే ఉడికించి చూడండి. కొవ్వు పట్టిన చేపకు, చలి నీటికి వారం దాటినా ఆశ్చర్యం లేదు.